మార్జిన్‌లో రాసిన మాటలు

ఇరవై రెండు పేజీల రాతప్రతి ఒకదాన్ని నేను అరవైకి పైగా ఎర్రసిరా గుర్తులతో వెనక్కి పంపాను. రాసినామె టెక్కలిలో స్కూలు టీచరు. పుట్టింది ఉద్దానంలో, జీడితోటల మధ్య ఊళ్లో. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నన్ను ‘సెల్లీ’ అని పిలిచేది, నేను ‘అప్పా’ అనేదాన్ని. ఆవిడ రాసింది సాసుమాన గున్నమ్మ గురించి. పదిహేను రోజుల తర్వాత ఒక చిన్న కాగితం వచ్చింది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. “ఇన్ని తప్పులున్నాయని తెలీలేదు మేడమ్. మీకు శ్రమ ఇచ్చినందుకు క్షమించండి.” ఆ తర్వాత రెండేళ్లు ఆమె ఏమీ రాయలేదు.

ఆ ఉత్తరంలో నన్ను కుదిపేసింది క్షమాపణ కాదు, ‘మేడమ్’ అన్న పిలుపు. నేను పంపిన కాగితాలు మా మధ్య ఉన్న వరస మార్చేశాయి. అప్పటిదాకా మేం ఒకే పని చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లం. ఆ రోజు నుంచి నేను పరీక్ష పేపరు దిద్దేదాన్ని, ఆమె తప్పినామె.

అసలు ఆ వ్యాసంలో ఏముందో ముందు చెప్పాలి. మందస జమీందారీలో అడవి ఎవరిదన్న తగవు చాలా పాతది. కొండ కింది ఊళ్ల జనానికి వంటకి కట్టెలు, నాగలికి కర్ర, ఇంటికి వాసాలు ఆ అడవిలోంచే రావాలి. అడవి తనదని జమీందారు అంటాడు. 1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ జైల్లో ఉండడం వల్ల రాలేకపోయాడు. సభలు ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస దగ్గర గుడారి రాజమణిపురంలో, అడవిలో కర్ర కొట్టారని రైతుల్ని పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసుల్ని ఊరి జనం అడ్డుకున్నారు. పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్లలో ముందు నిలబడ్డ గున్నమ్మ ఉంది. అప్పట్నుంచీ ఆమె ‘వీర గున్నమ్మ’. పాటల్లో, సభల్లో, వార్షికోత్సవాల్లో ఆమె పేరు వినిపిస్తూనే ఉంటుంది. ఉద్దానంలో పుట్టిన ఒక టీచరు ఆ పేరు వెనక ఉన్న మనిషిని వెతకబోయింది. నేను ఆమె వాక్యాలు దిద్దాను.

ఎర్ర గుర్తులున్న ఆ ప్రతి జిరాక్స్ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఏడాదిన్నర తర్వాత మౌఖిక చరిత్ర గురించి ఒక ప్రసంగం రాసుకుంటూ దాన్ని తీశాను. ఈసారి ఆమె రాసింది చదవలేదు, నేను రాసింది చదివాను. గుర్తుల్ని రకాలుగా విడగొట్టి లెక్కపెట్టాను. నలభైకి పైగా భాష గురించే. ‘సెప్పినాది’ని ‘చెప్పింది’ చేశాను, రెండు వాక్యాలు కలిపాను, ‘ఈ పదం బాగోలేదు’ అన్నాను. ఓ పదిచోట్ల ‘ఆధారం?’ అని ఒంటి ప్రశ్న. నాలుగైదు మాత్రం నిజంగా చరిత్రకి సంబంధించిన తప్పులు. అవి కూడా అదే ఎర్రసిరాలో, అంతే పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మొదటిసారి చదివేవాళ్లకి ఏది ప్రాణం మీదికొచ్చే తప్పో, ఏది నా చాదస్తమో తెలిసే దారే లేదు. అన్నింటికంటే ఘోరం, ఆ వ్యాసం నాకేమని అర్థమైందో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. అరవై గుర్తులు పెట్టిన మనిషి తన వ్యాసం మొత్తం చదివిందో లేదో కూడా ఆమెకి తెలీదు.

ఇంకొకటి కనిపించింది. తొమ్మిదో పేజీలో ఒక్క గుర్తు కూడా లేదు. దాన్ని నేను జారవిడిచేశాను. ఆ పేజీలో ఆమె వాళ్ల అమ్మమ్మ మాటలు రాసింది. అమ్మమ్మ గున్నమ్మని చూడలేదు, వాళ్లది వేరే ఊరు. ఆవిడ చెప్పింది కట్టెల గురించి. చీకటితో లేచి కొండకి వెళ్లడం, జమీందారు మనుషుల కంటబడితే కత్తి లాక్కుంటారని కత్తిని మోపులో దాచడం, కట్టెలు లేనిరోజు కొబ్బరిమట్టలతో వండితే కళ్లు మండిపోవడం. చివర్లో ఒక వాక్యం, నా మాటల్లో చెప్పాలంటే: కర్ర కోసం తగవంటారు గానీ ఆ కర్ర ఇంటికి మోసుకొచ్చేది ఎవరో ఎవరూ అడగరు.

ఆ వ్యాసంలో ఉన్న అసలు ప్రశ్న అది. మందస పోరాటం గురించి మాట్లాడేటప్పుడు ‘రైతులు’ అంటాం. ఆ మాటలో మగవాళ్లే కనిపిస్తారు. గున్నమ్మ ఆ గుంపులో ఒక ఆశ్చర్యంలా, మినహాయింపులా నిలబడుతుంది. కానీ తగవు అడవి గురించి, అడవి అంటే పొయ్యి గురించి అయితే, ఆ రోజు ఆడవాళ్లు ముందుకి రావడం ఆశ్చర్యం కాదు. అది వాళ్ల తగవే. ఇరవై రెండు పేజీల వ్యాసాన్ని నిలబెట్టగల ఆలోచన తొమ్మిదో పేజీలో ఉంటే, నేను ఎనిమిదో పేజీలో ఒత్తులు దిద్ది పదో పేజీకి వెళ్లిపోయాను.

మన ప్రాంతంలో రాతమీద రాతతో సలహా చెప్పడానికి పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. 1883లో గురజాడ అప్పారావు ఇంగ్లీషులో ‘సారంగధర’ అనే కావ్యం రాశాడు. కలకత్తా నుంచి ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చూసి, తన పత్రికలో తిరిగి వేసుకున్నాడు. ఎంత బాగా రాసినా ఇంగ్లీషు పరాయి భాషేనని, సొంత భాషలో రాయమని ఉత్తరం ద్వారా సలహా ఇచ్చాడు. 1892లో కన్యాశుల్కం విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా మారిన రూపంలో మళ్లీ వచ్చింది. ఈ కథని ఒక మంచి సలహా మహిమగా చెప్పుకుంటాం. నాకు అందులో వేరే రెండు సంగతులు ముఖ్యమనిపిస్తాయి. ముఖర్జీ ఆ కావ్యాన్ని సీరియస్‌గా తీసుకున్నట్టు చేతల్లో చూపించాడు, అచ్చువేశాడు. అలాంటివాడు చెబితే సలహా కొట్టివేతలా వినపడదు. రెండోది, గురజాడ ఆ సలహాని మొత్తంగా మింగలేదు. నాటకం తెలుగులో రాశాడు గానీ దానికి ముందుమాట ఇంగ్లీషులోనే రాశాడు. డైరీలూ చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో తనే తేల్చుకున్నాడు.

అయితే ఆ ఉత్తరాలు ఇద్దరు చదువుకున్న మగవాళ్ల మధ్య నడిచినవి. ఆ కాలంలో రాసిన ఆడవాళ్లకి అలాంటి చదువరి ఎక్కడ దొరికాడు? వాళ్ల రాతని మొదట చూసేది చాలాసార్లు ఇంట్లో భర్తో, అన్నో, తమ్ముడో. దిద్దడమూ, రాయనివ్వడమూ ఒకే చేతిలో ఉండేవి. అందుకే మనకి దిద్దుబాటు అంటే అనుమతి అన్న భయం ఇంకా లోపల ఉంది. నా ఎర్రసిరా తగిలింది ఆ పాత భయానికే.

నేను పలాస నుంచి బస్సెక్కి టెక్కలి వెళ్లాను. తొమ్మిదో పేజీ చేతికిచ్చి, ఇది చదవకుండా దాటేశాను, తప్పు నాది అన్నాను. వ్యాసం మళ్లీ ఇమ్మని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. టీ ఇచ్చింది. వెళ్లేముందు లోపల్నించి ఫైలు తెచ్చి నా సంచిలో పెట్టింది. అప్పుడు కూడా ‘మేడమ్’ అనే అంది.

ఈసారి పని వేరే వరసలో చేశాను. మొదట పెన్నూ పెన్సిలూ లేకుండా మొత్తం చదివాను. చదివి మూసేసి, కాగితాల వైపు చూడకుండా, ఈ వ్యాసం నాకేం చెప్పిందో ఆరేడు వాక్యాల్లో రాశాను. ఇది పొగడ్త కాదు. “ఇది గున్నమ్మ వీరత్వం గురించి మొదలైంది. కానీ మూసేశాక నాకు మిగిలింది మీ అమ్మమ్మ కట్టెలమోపు. ఈ రెండింటికీ ఉన్న సంబంధం మీ మనసులో ఉంది, కాగితం మీద ఇంకా లేదు” అని రాశాను. ఈ మాటలతోనే ఉత్తరం మొదలైంది. రచయిత తాను చెప్పాననుకున్నదానికీ, చదివినవాళ్లకి అందినదానికీ మధ్య ఉన్న దూరం చూసుకోగలిగితే సగం దిద్దుబాటు తనే చేసుకుంటుంది.

రెండోసారి చదువుతూ నాకు తోచినవన్నీ వేరే కాగితం మీద రాసి మూడు కుప్పలు చేశాను. మొదటి కుప్పలో, అలాగే అచ్చులోకి వెళ్లకూడని తప్పులు. రెండో కుప్పలో, జవాబు ఆమె దగ్గరే ఉన్న ప్రశ్నలు. మూడో కుప్పలో, నేనైతే ఇలా రాసేదాన్ని కాదు అనిపించినవి. మూడో కుప్పే అన్నింటికంటే పెద్దది. దాన్ని దాదాపు మొత్తం పారేశాను.

మొదటి కుప్పకి ఒక ఉదాహరణ. ఆమె 1940 నాటి సంఘటనలో ‘శ్రీకాకుళం జిల్లా కలెక్టర్’ని తెచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాలో ఉంది. ఇది చిన్న తప్పు కాదు. ఏ జిల్లా, ఏ ప్రభుత్వం అన్నది తప్పితే, ఏ కాగితాల కోసం ఎక్కడ వెతకాలన్నదీ తప్పుతుంది. పైగా 1939 చివర్లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది కాబట్టి, కాల్పుల నాటికి పాలన గవర్నరు చేతిలో ఉంది. మొదటిసారి నేను దీని పక్కన ‘1940లో శ్రీకాకుళం జిల్లా ఉందా??’ అని రాశాను. అది ప్రశ్నలా కనిపించే ఎత్తిపొడుపు. జవాబు నాకు తెలుసు, ఆమెకి తెలీదని చూపించడానికే ఆ రెండో ప్రశ్నార్థకం. ఈసారి నేరుగా రాశాను: “శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. 1940కి ఇది విశాఖపట్నం జిల్లా. మార్చాలి.” అంతే.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటుంది. నొప్పించకూడదని తప్పుని మెత్తగా చుట్టబెట్టినా అన్యాయమే. ‘వీలైతే ఒకసారి చూసుకుంటే బావుంటుందేమో’ అని రాస్తే, అది మార్చాల్సిందో ఇష్టమైతే మార్చేదో చదివినామెకి తెలీదు. రేపు ఆ తప్పు అచ్చులో కనబడి, ఇంకెవరో సభలో ఎత్తిచూపితే ఆ అవమానం ఆమెది. తప్పుని తప్పుగా, తెలియనిదాన్ని ప్రశ్నగా రాయాలి. ఆ రెండూ కలగలిస్తేనే రాసినామెకి చురుక్కుమంటుంది.

రెండో కుప్పకి ఉదాహరణ, గున్నమ్మ గర్భవతి అన్న మాట. గున్నమ్మ గురించి చెప్పేవాళ్లు తరచూ ఆమెని నిండు గర్భిణి అంటారు. వ్యాసంలో మూడో పేజీలో ఆ మాట ఉంది, పదహారో పేజీలో కాల్పులు వర్ణించేటప్పుడు లేదు. మొదటిసారి రెండుచోట్లా ‘ఆధారం?’ అని రాశాను. ఆ ఒంటిమాటకి రెండర్థాలు వస్తాయి. నువ్వు కల్పించావా అని ఒకటి, ఎక్కడ చదివావో చెప్పు అని రెండోది. వినేవాళ్లకి మొదటిదే వినపడుతుంది. ఈసారి ఇలా అడిగాను: “ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు? పుస్తకంలో చదివారా, పాటలో విన్నారా, ఊళ్లో చెప్పారా? ఏదైనా ఫరవాలేదు, ఏదో రాయండి. ఇంకొకటి. ఈ మాట చెప్పేటప్పుడు చెప్పేవాళ్ల గొంతు ఎలా మారుతుంది?” చరిత్ర రాసేవాళ్లకి పుస్తకంలో ఉన్న ఆధారం ఒకటే ఆధారం కాదు. కానీ ఏ రకం ఆధారమో చెప్పకపోతే విన్న మాట చూసిన మాటలా చలామణి అయిపోతుంది.

మూడో కుప్పలో ఎక్కువభాగం ఆమె భాష. మొదటిసారి అమ్మమ్మ మాటల్ని కూడా నేను ‘శుభ్రం’ చేయబోయాను. నేను దాటేసిన తొమ్మిదో పేజీ బతికిపోయింది గానీ, ఇతర పేజీల్లో అమ్మమ్మ నోటి ‘ఏటి’లన్నీ ‘ఏమిటి’లయ్యాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ని నేను విద్యార్థులకి పాఠంగా చెప్పినదాన్నే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ గొంతుతో చెప్పుకున్న పుస్తకమది. అందులో గొంతులు అలా ఉండనివ్వడమే చరిత్రకి కొత్త చూపు ఇచ్చిందని క్లాసులో చెప్పి, నా చేతికి ఉద్దానం గొంతు వచ్చినప్పుడు దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చాను. సిద్ధాంతం తెలిసినంత మాత్రాన చెయ్యి మారదు.

స్పెల్లింగు తప్పులు ఈసారి ముట్టుకోలేదు. అవి ముఖ్యం కాకపోవడం వల్ల కాదు. తిరగరాయబోయే పేజీలో ఒత్తులు దిద్దితే రెండు నష్టాలున్నాయి. రేపు ఉంటుందో లేదో తెలీని వాక్యానికి ఇద్దరి శ్రమ వృథా. రెండోది, దిద్దిన వాక్యం పూర్తయినట్టు కనిపిస్తుంది, ఇక దాన్ని కదపబుద్ధి కాదు. ‘ఒత్తులూ దీర్ఘాలూ చివరి ప్రతిలో కలిసి చూద్దాం’ అని ఒక వాక్యం రాశాను, లేకపోతే నేను చూడలేదనుకుంటుంది. మొత్తం ఉత్తరం ఒకటిన్నర పేజీ. తప్పులు నాలుగు, ప్రశ్నలు మూడు, సూచన ఒకటి. ఆ సూచన ఏమిటంటే, తొమ్మిదో పేజీలోని కట్టెలమోపుని వ్యాసం మొదట్లోకి తెమ్మని.

నా ఉత్తరం పనిచేసిందో లేదో నాకెలా తెలిసిందో చెబుతాను. మొదటిసారి ఆమె నేను రాసిన ప్రతి మార్పునీ ఒప్పుకుంది. ఒక్కదాని మీదా వాదించలేదు. అదే చెడ్డ గుర్తని అప్పుడు గ్రహించలేకపోయాను. అన్నీ ఒప్పుకున్న మనిషి ఆ రాతని వదిలేసుకుందన్నమాట, అది ఇక ఆమెది కాదు. రెండోసారి నెలన్నరకి జవాబు వచ్చింది. జిల్లా తప్పు ఒక్క గీతతో మార్చింది. గర్భిణి ప్రశ్నకి రెండు పేజీలు రాసింది. తను ఆ మాట విన్నది సభల్లోనట. చెప్పేవాళ్లు ఆ మాట దగ్గర గొంతు తగ్గిస్తారట. అక్కడ్నించి ఆమె తనంతట తానే ఒక ఆలోచన లాగింది. పోలీసులకి ఎదురు నిలబడ్డ ఆడదాన్ని గౌరవించడానికి మనకి ఆమె కడుపులో బిడ్డ కూడా ఎందుకు కావాల్సొచ్చింది? ధైర్యం ఒక్కటే సరిపోలేదా? ఇది నాకు తట్టిన ఆలోచన కాదు. నేను అడిగింది గొంతు ఎలా మారుతుందని మాత్రమే.

నా సూచనని మాత్రం కొట్టేసింది. అమ్మమ్మని మొదటి పేజీలో పెడితే, ఆవిడ ఆ రోజు గుడారి రాజమణిపురంలో ఉందని చదివేవాళ్లు అనుకుంటారు. ఆవిడ సాక్షి కాదు, అది దాచి వ్యాసానికి అందం తేవడం తన వల్ల కాదంది. కట్టెల సంగతి కాల్పుల తర్వాత వస్తేనే, ఇది వేరే ఊరి జ్ఞాపకమని, అయినా అదే అడవి గురించని తెలుస్తుందంది. నాకు సాహిత్యంలో డాక్టరేటు ఉంది. మంచి ఎత్తుగడ కోసం చరిత్రని కొంచెం జరపబోయింది నేను, అడ్డుకుంది ఆమె. ఆ ఉత్తరం చివర ‘సెల్లీ’ అని ఉంది.

దీంతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నా పేరు ముందు ‘డాక్టర్’ ఉన్నంతకాలం నా పెన్సిలు గీత ఆమె గీత కంటే లావుగానే కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా చెరిపే ఉపాయం ఉత్తరం రాసే పద్ధతిలో లేదు. నేను చేయగలిగింది ఒకటే, నా కాగితాలు కూడా ఆమె చేతికివ్వడం. అందుకే ఈ వ్యాసం రాతప్రతి టెక్కలి పంపించాను. తన గురించి రాసినవాటిలో ఉండకూడనివి తీసేయమన్నాను.

ఆమె ఏమీ తీయలేదు. మొదటి పేరాలో, ‘ఆ తర్వాత రెండేళ్లు ఆమె ఏమీ రాయలేదు’ అన్న వాక్యం పక్కన మాత్రం పెన్సిలుతో రాసింది: “నాను రాయలేదని నీకెవులు సెప్పినారు? రాసినాను. నీకు సూపించలేదంతే.”

ఆ వాక్యాన్ని నేను మార్చలేదు, ఆమె గుర్తుతో పాటు ఉండాలని.